పదింటి నుంచి పన్నెండుంపావు దాకా



పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో ఖాళీగానే ఉంటాను, ఆ టైంలో నాలుగు డబ్బులు వచ్చే పనేదైనా చెప్పండి అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను కుట్టుపని నేర్పే మనిషిని కాబట్టి కుట్టు గురించే చెబుతానని వాళ్ళు అనుకుంటారు. నేను మాత్రం ముందు గడియారం గురించి అడుగుతాను. మీ ఇంట్లోంచి ఆఖరున వెళ్ళే పిల్లో పిల్లవాడో ఎన్నింటికి గడప దాటుతారు? మొదట తిరిగొచ్చేవాళ్ళు ఎన్నింటికి వస్తారు? బడి తొమ్మిది నుంచి నాలుగు దాకా అని చెబితే లాభం లేదు. అది బడివాళ్ళ టైం. మనకు కావలసింది ఇంటి టైం.

విజయవాడలో ఒక ఇంటిని తీసుకుందాం. పెద్దవాడు ఐదో తరగతి, 8:10కి బస్సు ఎక్కుతాడు. చిన్నది యూకేజీ, 8:50కి ఆటో వస్తుంది. ఆ ఆటోనే 12:40కి దాన్ని తెచ్చి దింపేస్తుంది. పెద్దవాడు వచ్చేది 4:10కి. పేరుకు పిల్లలిద్దరూ బడికి వెళ్ళే ఇల్లే గాని, ఇద్దరూ లేని సమయం 8:50 నుంచి 12:40 వరకే, అంటే 3 గంటల 50 నిమిషాలు. అందులో ఆమె కాఫీ తాగాలి, టిఫిన్ తినాలి, అంట్లు తోమాలి, బట్టలు ఉతికి ఆరేయాలి, స్నానం చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. ఆ 289లో ఒక ముక్క ఈ బడి వేళలోనే పడి తీరుతుంది. కూర పొద్దున క్యారేజీతో పాటే వండేసినా, మిగతావన్నీ ముగించేసరికి పది అవుతుంది. 12:40కి ఆటో వస్తుందంటే 12:15కి చేతిలో పని పక్కన పెట్టేయాలి. ఆ పాతిక నిమిషాలు ఎందుకో తరవాత చెబుతాను. చివరికి తేలేది పదింటి నుంచి పన్నెండుంపావు దాకా, రెండుంపావు గంటలు. మధ్యాహ్నం చిన్నది పడుకుంటే ఇంకో గంట దొరకొచ్చు. పడుకుంటే. ఆ గంటను లెక్కలో వేసుకోవద్దు.

ఈ రెండుంపావు గంటల్లో ఏ పని ఇముడుతుంది? ఎవరి గడియారం ప్రకారం నడిచే పని అన్నది ముందు చూడాలి. ట్యూషన్ చెబుదామంటే ట్యూషన్ పిల్లలు వచ్చేది సాయంత్రం ఐదింటికి. సరిగ్గా మన పిల్లలకు పాలు కలిపి ఇచ్చి హోంవర్కు దగ్గర కూర్చోబెట్టాల్సిన వేళ అది. ఆఫీసులకు క్యారేజీలు కట్టడం పొద్దుటి పూటకు బాగానే సరిపోతుంది, కాని ఆ వంట పన్నెండున్నరకు అక్కడ ఉండి తీరాలి. పిల్లకు జ్వరం వచ్చిందని ఒక రోజు మానేస్తే తినేవాడు ఆకలితో కూర్చుంటాడు, రెండోసారి మానేస్తే వేరే మనిషిని చూసుకుంటాడు. దోసెల పిండి రుబ్బడం పదీ పన్నెండు మధ్య అయిపోతుంది, కొనేవాళ్ళు మాత్రం సాయంత్రం ఆరు దాటాక తలుపు తడతారు. ఇంట్లో అత్తగారో ఆడబిడ్డో ఉండి ఆ సాయంత్రపు బేరం చూసుకోగలిగితే అది మంచి పనే. తినే వస్తువు అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలన్నది కూడా మరవకండి. ఇక ఇంట్లోనే టైపింగ్, ఇంట్లోనే పెన్నుల ప్యాకింగ్ అని ఫోనుకు వచ్చే మెసేజీలు. పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గాని, రిజిస్ట్రేషనుకో మెటీరియలుకో మన దగ్గర ముందు డబ్బు అడిగాడంటే అది పని కాదు. పొరపాటున కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి చెప్పండి.

మనం వెతికే పనికి రెండు గుణాలు ఉండాలి. ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి, ఆగిన చోట పాడవకూడదు. ఇవాళ కాకపోతే ఎల్లుండి ఇచ్చినా కొంప మునగకూడదు. మన ఊళ్ళలో ఈ రెండూ ఉన్న పని ఒకటి ప్రతి వీధిలోనూ ఉంది. చీరలకు ఫాల్ వేయడం. నా ప్రసంగంలో మిగతా భాగమంతా దాని గురించే.

ఫాల్ అంటే చీర అంచుకు లోపలి వైపు వేసే బట్ట పట్టీ. రెండున్నర మీటర్లకు కాస్త అటూ ఇటూ పొడవు, జానెడు లోపు వెడల్పు ఉంటుంది. కుచ్చిళ్ళు నిలువుగా జారడానికి, అంచు కాళ్ళ కింద నలగకుండా ఉండడానికి అది కావాలి. చూడ్డానికి తిన్నగా కుట్టుకుంటూ పోవడమే. కాని చీర చెడగొట్టే మార్గాలు ఇందులో నాలుగైదు ఉన్నాయి.

మొదటిది నానబెట్టకపోవడం. నూలు ఫాల్ కొత్తదాన్ని అలాగే కుట్టేస్తే, చీర మొదటిసారి ఉతికినప్పుడు ఫాల్ ముడుచుకుపోతుంది, చీర ముడుచుకోదు. అంచు మొత్తం ముడతలు పడి అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు కుట్టు విప్పి మళ్ళీ వేయడం తప్ప వేరే దారి లేదు. కాబట్టి రాత్రి అంట్లు తోమాక ఫాల్‌ను నీళ్ళలో వేసి, ఓ గంట తరవాత తీసి, పిండకుండా దండెం మీద వేయాలి. ముదురు ఎర్ర ఫాల్, ముదురు నీలం ఫాల్ విడివిడిగా నానబెట్టాలి. నీళ్ళలో రంగు వదిలితే ఆ ఫాల్‌ను తెల్లంచు చీరకు వాడనే కూడదు. ఈ పనికి బడి వేళ అక్కర్లేదు, అందుకే రాత్రికి పెట్టుకోమంటున్నాను.

రెండోది జాకెట్టు ముక్క. పట్టుచీరకు జాకెట్టు గుడ్డ కలిసే వస్తుంది. కొన్ని చీరలకు కొంగు వైపు ఉంటుంది, కొన్నిటికి లోపలి చెంగు వైపు. లోపలి చెంగు వైపు ఉన్న జాకెట్టు ముక్కను కత్తిరించకుండా ఫాల్ వేశారంటే ఫాల్‌లో కొంత జాకెట్టు మీదికి పోతుంది, కుచ్చిళ్ళ దగ్గరికి చాలదు. చీర ఇచ్చిన మనిషిని అడగకుండా కత్తెర పెట్టారంటే అది ఇంకా పెద్ద గొడవ. కొందరు జాకెట్టు ముక్క తీయించరు, చీరతోనే కట్టుకుంటారు. అందుకే చీర తీసుకునేటప్పుడే, ఆ మనిషి ఎదురుగానే, మడత విప్పి జాకెట్టు ఎటు ఉంది, కత్తిరించాలా వద్దా అని అడిగి చీటీ మీద రాయాలి. బొడ్డులో దోపుకునే చెంగుకు ఒక దారప్పోగు ముడి వేసి గుర్తు పెట్టుకుంటే కుట్టేటప్పుడు తడుముకోనక్కర్లేదు. ఆ చెంగు నుంచి ఓ జానెడు వదిలి ఫాల్ మొదలుపెట్టడం చాలామంది పద్ధతి.

తరవాత ఇస్త్రీ చేసిన ఫాల్‌ను చీర తిరగవైపున అంచుకు సమంగా పరిచి గుండుసూదులు పెట్టాలి. పట్టుచీర ఒంటి మీద గుండుసూది గుచ్చితే ఆ రంధ్రం అలాగే కనబడుతుంది, సూదులు అంచు దళసరిగా ఉన్న చోటే పెట్టాలి. కింది అంచు మిషను మీద వేసుకోవచ్చు. పై అంచు మాత్రం చేత్తో హెమ్మింగే. చీర పోగు ఒకటి రెండు మాత్రమే సూదికి ఎత్తుకోవాలి, లేకపోతే మంచివైపు చుక్కలు చుక్కలుగా కుట్టు కనబడుతుంది. దారం బిగించి లాగకూడదు. బిగిసిందో లేదో తెలుసుకోవాలంటే కుట్టిన జానెడు మేర వేళ్ళ మధ్య సాగదీసి చూడండి. చీరతో పాటు దారమూ కదిలితే బాగున్నట్టు, టక్కున ఆగితే బిగిసినట్టు.

ఇవన్నీ కలిపి నిమిషాలు ఎలా పడతాయో చూద్దాం. ఫాల్ ఇస్త్రీకి, పరిచి సూదులు పెట్టడానికి పావుగంట. కింది అంచు మిషనుకు పది నిమిషాలు. చేతి హెమ్మింగుకు, చెయ్యి తిరిగినవాళ్ళకు, అరగంట. ఆఖరి ఇస్త్రీకి, మడతకు పది నిమిషాలు. గంటా అయిదు నిమిషాలు అవుతుంది, కొత్తవాళ్ళకైతే దానికి రెట్టింపు. అంటే మన రెండుంపావు గంటల్లో రెండు చీరలు, అంతకు మించి కాదు.

డబ్బు సంగతి ఊరికొక రేటు, వీధికొక రేటు. లెక్క కోసం ఒక రేటు అనుకుందాం. ఫాల్, పీకో కలిపి 120 రూపాయలు తీసుకున్నారనుకోండి. ఫాల్ బట్టకు 25, దారానికి 5. రెండు చెంగులకూ పీకో వేయించడానికి మిషనున్న షాపుకు 30. మిగిలేది 60. రోజుకు రెండు చీరలంటే 120. నెలలో నిజంగా పని జరిగే బడి రోజులు ఇరవై అనుకుంటే 2,400 రూపాయలు. ఇంతేనా అని మీరు నిట్టూర్చే ముందు ఒక మాట. ఇదే పనిని బట్టల షాపుకు కుట్టి ఇస్తే చీరకు ఇంకా తక్కువ ఇస్తారు. బేరాలు వెతుక్కునే శ్రమ ఉండదు గాని గడువు వాళ్ళది అవుతుంది. గడువు వాళ్ళదైతే పని మన గడియారం దాటిపోయినట్టే. నా మటుకు నేను ఇంటి దగ్గరి బేరాలనే ఎంచుకోమంటాను.

పీకో మిషను మనమే కొనుక్కుంటే ఆ 30 మిగులుతుంది కదా అని అడుగుతారు. నెలకు నలభై చీరలు వస్తుంటే 1,200 మిగులుతుంది, నిజమే. మిషను ధర పన్నెండు వేలు అనుకుంటే పది నెలల్లో తీరుతుంది. కాని ఆ నలభై చీరలు వస్తున్నాయా అన్నది ముందు ఒక ఆర్నెల్ల పాటు నోటుపుస్తకంలో రాసుకుని చూడండి. పదిహేను చీరలే వస్తుంటే మిషను మూలన కూర్చుంటుంది. అంతవరకు ఒకటి రెండు రోజుల చీరలు కలిపి పీకోకు ఇచ్చి తెచ్చుకోవడం మేలు. దర్జీ పనివాళ్ళకు పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తారు. కుటుంబానికి ఒక్కరికే. దానితో పాటు కొన్ని రోజుల శిక్షణ ఉంటుంది, రోజుకు 500 భత్యం ఇస్తారు. ఆ శిక్షణ ఒక పూట కాదు, రోజంతా. యూకేజీ పిల్ల ఉన్న ఇంట్లో 12:40కి ఆటో దగ్గరికి ఎవరు వెళతారో ఏర్పాటు చేసుకున్నాకే పేరు ఇవ్వాలి. మీ వైపు ప్రస్తుతం పేర్లు తీసుకుంటున్నారా లేదా అన్నది కామన్ సర్వీస్ సెంటరులో అడగండి.

ఇక 12:15కే ఎందుకు ఆపమన్నానో చెబుతాను. చీర మనది కాదు. పిల్ల ఆటో దిగి బూట్లతోనే లోపలికి పరుగెత్తుతుంది, చేతికి చాక్లెట్ అంటుకుని ఉంటుంది, లేకపోతే స్కెచ్ పెన్ను. అందుకని చీర పాత దుప్పటిలో చుట్టి బీరువాలో పెట్టాలి. కత్తెర పైఅరలోకి వెళ్ళాలి. గుండుసూదులు లెక్కపెట్టాలి. డబ్బాలోంచి ఎన్ని తీశామో మొదట్లోనే లెక్క వేసుకుంటే, చివర్లో ఒకటి తగ్గిందని తెలుస్తుంది. చిన్న అయస్కాంతం ముక్క దారానికి కట్టి నేల మీద తిప్పితే దొరుకుతుంది. దొరికేదాకా పిల్లను ఆ గదిలోకి రానివ్వకండి. ఇస్త్రీ పెట్టె చల్లారడానికి కూడా ఆ కాస్త సమయం కావాలి. కాబట్టి ఇస్త్రీ పనిని చివరకు పెట్టుకోకుండా, నిన్న కుట్టిన చీరల ఆఖరి ఇస్త్రీ, ఇవాళ్టి ఫాల్ ఇస్త్రీ కలిపి పదింటికి ఒకేసారి కానిచ్చేయడం మంచిది. హెమ్మింగ్ చివరికి ఉండాలి. సూది ఎక్కడ ఆపినా ఫరవాలేదు.

మన గడియారం సరే, చీరలు ఇచ్చేవాళ్ళ గడియారం సంగతేమిటి? ఫాల్ వేయించుకునేవాళ్ళలో సగం మంది ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు. పొద్దున ఎనిమిదింటికి స్కూటీ ఆపి, అక్కా ఒక్క నిమిషం అంటారు. సరిగ్గా మనం జడ వేస్తూ ఉంటాం. ఆ వేళలో చీర తీసుకుంటే జాకెట్టు మాట అడగరు, ఫాల్ రంగు చూడరు, గొడవలన్నీ అక్కడే పుడతాయి. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు వరకు మాత్రమే ఇచ్చి పుచ్చుకోవడం అని మొదటి రోజే చెప్పేయండి. కొందరు మొహం ముడుచుకుంటారు, వారం తిరిగేసరికి వాళ్ళే అలవాటు పడతారు. రంగుల కోసం మాటిమాటికీ వన్ టౌన్‌కు పరుగెత్తకుండా, ఎక్కువ వాడే ఎరుపు, మెరూన్, ఆకుపచ్చ, నీలం, పసుపు, తెలుపు, నలుపు ఫాల్స్ రంగుకు అయిదారు తెచ్చి పెట్టుకోవాలి. వస్త్రలతకో కాళేశ్వరరావు మార్కెట్టు వైపుకో ఒక్కసారి వెళ్ళొస్తే ఆ రోజు పని లేనట్టే లెక్క. మరీ అరుదైన రంగైతే చీర ఇచ్చినవాళ్ళనే ఫాల్ తెచ్చిమ్మనడంలో తప్పులేదు.

ఇప్పుడు గడియారం వదిలి క్యాలెండరు దగ్గరికి వద్దాం. కొత్తవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర చీరల సీజను ఒకటి, బడుల సీజను ఒకటి. రెండూ కొన్ని నెలల్లో చక్కగా కలుస్తాయి, కొన్ని నెలల్లో ఢీకొంటాయి. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఆ వెనకే ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు గాని బట్టల షాపుల తగ్గింపు అమ్మకాలన్నీ అప్పుడే. కొన్న చీరలు శ్రావణంలో కట్టుకోవాలి కాబట్టి ఫాల్స్‌కు వస్తాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళు. ఈ రెండు నెలలూ బడులు పూర్తిగా నడుస్తాయి. ఏడాదిలో మనకు ఇవే పంటకాలం. మాఘమాసం కూడా ఇంతే, సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు గాడిలో పడతాయి, పెళ్ళిళ్ళు మొదలవుతాయి.

దసరా అలా కాదు. పండగకు కొత్త చీర కట్టుకోవాలని అందరూ చివరి వారంలో పరుగెత్తుకొస్తారు. సరిగ్గా అప్పుడే పిల్లలకు సెలవులు ఇచ్చేసి ఉంటారు. సంక్రాంతి కూడా అంతే. అందుకని ఈ రెండు పండగల ముందూ బడి ఆఖరి పనిరోజు ఏదో చూసుకుని, దానికి అయిదు బడి రోజుల ముందే కొత్త చీరలు తీసుకోవడం ఆపేయాలి. రోజుకు రెండు లెక్కన పది చీరలు, అంతవరకే ఒప్పుకోవాలి. పదకొండోది ఒప్పుకుంటే అది కుట్టేది రాత్రి పదకొండింటికి, దీపం వెలుతురులో ముదురు రంగు చీర మీద ముదురు రంగు దారంతో. అలా కుట్టింది పొద్దున చూస్తే మళ్ళీ విప్పాల్సిందే.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వస్తాయి. పిల్లలు ఎనిమిదింటికల్లా వెళ్ళి పన్నెండున్నరకు బడి వదిలితే ఇంటికి వచ్చేస్తారు. నేను చెప్పిన యూకేజీ పిల్ల ఇంట్లో దీనివల్ల నష్టం లేదు, పని ఓ గంట ముందే మొదలవుతుంది, అంతే. నష్టపోయేది పెద్ద పిల్లలున్న ఇల్లు. వాళ్ళకు నాలుగింటి దాకా ఉన్న వేళ ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. ఏప్రిల్ చివరి నుంచి వేసవి సెలవులు, వైశాఖం పెళ్ళిళ్ళు. చీరలు బోలెడు, మనకు గంట కూడా లేదు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిన ఏడాది మనకేమీ పోదు. లేని ఏడాది మాత్రం ఎవరైనా పెళ్ళివారు ఇరవై చీరలు తెస్తే సగం సగంగా పంచుకునే తోటి మనిషి ఒకరుండాలి. వీధిలో పిల్లలు లేని ఆవిడో, పిల్లలు పెద్దవాళ్ళైన ఆవిడో ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. వాళ్ళ చీరలు మీరు శ్రావణంలో పంచుకోవచ్చు.

మామూలు నెలల్లో కూడా నెలకు ఇరవై రోజులని ఎందుకన్నానంటే, రెండో శనివారం పోతుంది, పేరెంట్స్ మీటింగు ఒక పూట తింటుంది, వర్షానికి సెలవు ఇస్తారు, పిల్లకు జ్వరం వస్తే మూడు రోజులు గల్లంతు. ఒక చీరకు గంటే కదా అని రేపు ఇస్తాననకండి. మూడు బడి రోజుల తరవాతి తేదీ చీటీ మీద రాసి ఇవ్వండి. శుక్రవారం తీసుకున్న చీరకు ఆ తేదీ, శనివారం బడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి, మంగళవారమో బుధవారమో అవుతుంది. రేపే కావాలన్న మనిషిని పక్క వీధి షాపుకు పంపేయండి.

చిన్నది ఒకటో తరగతికి వెళ్ళాక దాని బస్సు కూడా 4:10కే వస్తుంది. పదింటి నుంచి మూడున్నర దాకా దొరుకుతుంది, మధ్యలో భోజనం తీసేస్తే నాలుగున్నర గంటలకు పైనే. అప్పుడు జాకెట్లు కూడా మొదలుపెట్టొచ్చా అని అడుగుతారు. కత్తిరింపు నేర్చుకుని ఉంటే పెట్టొచ్చు. కాని జాకెట్టుకు కొలతలు తీయాలి, వేసి చూసుకోవడానికి ఆ మనిషి రావాలి, చంక దగ్గర పట్టేసిందనో భుజం జారుతోందనో మళ్ళీ రావాలి. ఆ రాకపోకలన్నీ సాయంత్రమే. అందుకని మొదటి ఏడాది కొలత జాకెట్టు ఇచ్చేవాళ్ళవే తీసుకోండి. అందులోనూ లైనింగు లేనివి ముందు. కత్తిరింపుకు భోజనానికి ముందు వేళ ఉంచుకోండి, అది మధ్యలో ఆపే పని కాదు. భోజనం తరవాత ఫాల్ హెమ్మింగ్. జూన్‌లో బడి కొత్త టైంటేబులు ఇస్తుంది, బస్సు రూటు కూడా మారొచ్చు. ఆ మొదటి వారం పాత చీరలే పూర్తి చేస్తూ బస్సు నిజంగా ఎన్నింటికి వస్తోందో రోజూ రాసుకోండి. జాకెట్ల మాట రెండో వారంలో.